బడి వ్యాను వచ్చేదాకా



ఇవాళ మీకొక కథ చెబుతాను. కథలో మనిషి పేరు కుర్మయ్య. అతన్నీ, అతను కాపలా కాసే అపార్ట్‌మెంటునూ నేనే కల్పించాను. రాత్రి డ్యూటీ ఎలా గడుస్తుందన్నది మాత్రం హైదరాబాదులో గేట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునే మనుషులు చెప్పగా విన్నదే.

కుర్మయ్యది పాలమూరు జిల్లా, దేవరకద్ర దగ్గర ఒక పల్లె. అక్కడ ఇంటికొకరికి కురుమూర్తి స్వామి పేరు పెట్టుకుంటారు. వయసులో ఉన్నప్పుడు గుంపు మేస్త్రీ వెంట ఊరూరా తిరిగి కాలువలు తవ్వాడు, ఆ తర్వాత హైదరాబాదు వచ్చి మేడల మీదికి ఇటుకలు మోశాడు. యాభై దాటేసరికి మోకాళ్ళు మొరాయించాయి. బరువు ఎత్తలేని మనిషికి ఈ ఊళ్ళో మిగిలే పని కాపలా. ఒక ఏజెన్సీవాళ్ళు నీలం చొక్కా, టోపీ, ఈల ఇచ్చి, చొక్కా డబ్బులు మొదటి రెండు జీతాల్లో పట్టుకుని, నిజాంపేట్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంటుకు రాత్రి డ్యూటీకి పంపారు. సాయంత్రం 7 గంటల నుంచి పొద్దున 7 దాకా. పన్నెండు గంటలు.

వాచ్‌మన్ అనగానే చాలామందికి సెల్లారులో గదిలో భార్యాపిల్లలతో కాపురముండే మనిషి గుర్తొస్తాడు. ఆయన భార్య నాలుగిళ్ళలో అంట్లు తోముతుంది, ఆయన కార్లు తుడుస్తాడు, ఇస్త్రీ బట్టలు పైకి చేరవేస్తాడు. ఆ ఇంటి పిల్లల పేర్లు అపార్ట్‌మెంటులో అందరికీ తెలుస్తాయి, పండక్కి పిండివంటలు కిందికి దిగుతాయి. ఏజెన్సీ గార్డుకు అదేమీ ఉండదు. ఈ నెల ఇక్కడ, వచ్చే నెల ఇంకో సైటు. చొక్కా ఒకటే రంగు కాబట్టి మనిషి మారినా గేటు దగ్గర ఏమీ మారినట్టు కనిపించదు. కుర్మయ్య వచ్చి ఎనిమిది నెలలైనా ఆ ఇరవై ఫ్లాట్లలో అతని పేరు తెలిసినవాళ్ళు లేరు.

వాళ్ళంతా మంచివాళ్ళే. కసురుకునేవాళ్ళు ఒకరో ఇద్దరో తప్ప లేరు. సంగతేమిటంటే, రాత్రంతా అతని చెవిన పడే మాటలన్నీ ఒకే రకం. ఏడున్నర నుంచి కార్ల హారన్లు. హారన్ వినిపించగానే లేచి గేటు తీసి, సెల్యూట్ కొట్టాలి, అది డ్యూటీ. తొమ్మిదికి అన్నం పొట్లాలు తెచ్చే కుర్రాళ్ళు, “అన్నా, 504 ఎటు లిఫ్ట్?” పదికి పైనుంచి ఎవరో, “వాచ్‌మన్, మోటారు ఎయ్యి.” పదకొండుకు ఇంకెవరో, “వాచ్‌మన్, నా పార్కింగ్‌లో ఎవరి బండి అది?” రెండింటికి నీళ్ళ ట్యాంకర్ వస్తుంది, సంపు మూత తీయాలి. నాలుగున్నరకు పాల ఆటో. ఐదుకు పేపర్ల కుర్రాడు. అడిగినవాళ్ళ తప్పేమీ లేదు, అందుకే కదా అతన్ని పెట్టుకున్నది. కానీ పన్నెండు గంటల్లో అతనితో మాట్లాడిన ప్రతి మనిషికీ అతనితో ఏదో పనుంది. ఆ పని అయిపోగానే మాటా అయిపోతుంది.

ఇక నిద్ర సంగతి. ఏజెన్సీవాళ్ళు గంట గంటకూ గేటు దగ్గర నిలబడి ఫొటో దిగి వాట్సాప్ గ్రూపులో పెట్టాలంటారు. ఫొటో రాకపోతే ఆ రోజు కూలిలో కోత. సూపర్‌వైజరు ఏ రాత్రయినా బండి మీద వచ్చి నిలబడవచ్చు. పన్నెండు దాకా ఫరవాలేదు, ఒంటిగంట కూడా గడిచిపోతుంది. మూడు నుంచి ఐదు దాకా ఉన్న రెండు గంటలే అసలు కష్టం. ఆ వేళ మనిషి ఒంట్లో వేడి రోజు మొత్తంలో అన్నిటికంటే తక్కువగా ఉంటుంది, మెదడు నిద్రకు తలుపులన్నీ తీసి పెడుతుంది. ఎన్నేళ్ళు రాత్రి పని చేసినా చాలామందికి ఇది అలవాటు కాదు, ఎందుకంటే లోపలున్న గడియారం పొద్దుటి వెలుతురు చూసి తన వేళ దిద్దుకుంటుంది, డ్యూటీ చార్టు చూసి కాదు. పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో ఈ గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి వచ్చింది.

కుర్మయ్యకు ఆ గడియారం సంగతి విజిటర్ రిజిస్టర్‌లో కనిపిస్తుంది. పాల ఆటో వచ్చిన వేళ అతనే రాయాలి. అంకెలు బాగానే వచ్చు. పదింటికి రాసిన అంకెలు గీత మీద నిటారుగా నిలబడతాయి. నాలుగున్నరకు రాసినవి గీత కిందికి జారి, పక్క గడిలోకి వెళ్ళిపోతాయి. రాస్తున్నప్పుడు కళ్ళు తెరుచుకునే ఉంటాయి, తను మెలకువగానే ఉన్నానని ఒట్టేసి చెప్పగలడు. తెల్లారి చూస్తే ఆ జారిన అంకెలు వేరే సాక్ష్యం చెబుతాయి. అందుకే మూడు కాగానే కుర్చీని గోడకు తిప్పి పెడతాడు. మెట్టు మీద కూర్చుంటాడు. నడుస్తాడు. ఫ్లాస్కులో అడుగున మిగిలిన చల్లారిన టీ తాగుతాడు. మొహం కడుక్కుని తుడుచుకోకుండా గాలికి నిలబడతాడు.

ఏడింటికి పగటి డ్యూటీ కుర్రాడు వస్తాడు. వాణ్ణి రిలీవర్ అంటారు. రిలీవర్ వచ్చిన నిమిషంలో రిజిస్టర్, టార్చి, తాళాల గుత్తి అప్పజెప్పి కుర్మయ్య బయటపడాలి. ఎందుకంత తొందరంటే, అతని గది జగద్గిరిగుట్టలో. రెండు షేర్ ఆటోలు మారి వెళ్ళాలి. ఏడుంబావు లోపు రోడ్డెక్కితే ఆటోలో చోటు దొరుకుతుంది, ఎనిమిదికల్లా గదిలో ఉంటాడు. ఆలస్యమైతే ఆఫీసులకూ కాలేజీలకూ వెళ్ళేవాళ్ళతో ఆటోలు నిండిపోయి వస్తాయి, గది చేరేసరికి ఎనిమిదీ ముప్పావు. గది మీద రేకులు. పదకొండింటికల్లా ఎండ రేకుల్లోంచి దిగుతుంది, ఆ తర్వాత పట్టేది నిద్ర కాదు, మగత. అంటే ఎనిమిదికి పడుకుంటే మూడు గంటల నిద్ర. ఎనిమిదీ ముప్పావుకు పడుకుంటే రెండుంబావు. పైగా ఆలస్యమైన కొద్దీ దారిలో ఎండ కళ్ళలో పడి, పడుకోబోయే ఒంటిని మళ్ళీ లేపుతుంది. పొద్దున ఒక్కో నిమిషానికీ అతని దగ్గర లెక్కుంది.

ఇది మనసులో పెట్టుకుని మిగతా కథ వినండి.

జూన్‌లో బడులు తెరిచిన వారం. ఒకరోజు రిలీవర్ రాలేదు. ఫోన్ చేస్తే, “వస్తున్న కాకా, బండి పంచరయింది” అన్నాడు. రిలీవర్ రాకుండా సైటు వదిలిపెట్టడానికి లేదు. ఒక్కోసారి అసలు రాకపోతే పగలు కూడా అతనే ఉండాలి, దాన్ని డబల్ డ్యూటీ అంటారు. ఆ భయంతో కుర్మయ్య గేటు దగ్గర రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఏడూ ఇరవై దాటింది. లిఫ్ట్ తెరుచుకుని 302లో ఉండే నానమ్మ, మనవరాలు బయటికొచ్చారు. గుంటూరు వైపునుంచి వచ్చిన కుటుంబం. పాప రెండో తరగతి. ఒంటిమీద కొత్త యూనిఫారం, వీపు మీద తనకంటే వెడల్పున్న సంచి.

కారు వస్తే కుర్మయ్య చెయ్యి దానంతటదే నుదుటికి వెళుతుంది. నడిచి వచ్చేవాళ్ళకు సెల్యూట్ లేదు కాబట్టి ఊరికే పక్కకు తప్పుకున్నాడు. పాప అతని ముందు ఆగింది. నీళ్ళ సీసా మెడలో వేళ్ళాడుతుంటే, దాన్ని వెనక్కి తోసుకుని రెండు చేతులూ సరిగ్గా జోడించింది.

“నమస్తే తాతయ్యా” అంది.

కుర్మయ్యకు వెంటనే ఏం చెయ్యాలో తోచలేదు. నోట్లో జర్దా ఉంది. గబగబా పక్కకు వెళ్ళి ఉమ్మి వచ్చేసరికి పాప గేటు దాటుతోంది. “నమస్తే బిడ్డా” అన్నాడు గట్టిగా. పాప వెనక్కి తిరిగి చూసి, విన్నట్టు తల ఊపింది. పసుపు రంగు వ్యాను వచ్చి ఆగింది, ఎక్కింది, వెళ్ళిపోయింది. జరిగింది ఇంతే.

మర్నాడు రిలీవర్ ఏడింటికే వచ్చాడు. కుర్మయ్య తాళాల గుత్తి అప్పజెప్పాడు, సంచి భుజాన వేసుకున్నాడు. రోడ్డెక్కలేదు. నల్లా దగ్గరికెళ్ళి మొహం కడిగాడు, పుక్కిలించాడు, నలిగిన చొక్కాను ప్యాంటులోకి దోపుకున్నాడు. టోపీ తీసి తల తడుముకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఏడూ ఇరవై అయిదుకు లిఫ్ట్ తెరుచుకుంది.

“నమస్తే తాతయ్యా.”

ఈసారి నోరు ఖాళీగా ఉంది. చేతులు కూడా సమయానికి జోడించాడు.

అలా ఒక అలవాటు మొదలైంది. లిఫ్ట్ నుంచి గేటు దాకా పది పన్నెండు అడుగులు, ఆ పైన వ్యాను కోసం నిలబడే ఒకటి రెండు నిమిషాలు. అందులోనే వాళ్ళ మాటలు. “డబ్బాల ఏం పెట్టింది నానమ్మ?” అని అతను అడిగితే ఆమె డబ్బా మూత మీద చెయ్యి వేసి, “చూడకుండా చెప్పు” అంటుంది. అతను వాసన చూసినట్టు నటించి నిమ్మకాయ పులిహోర అంటాడు. ఒక్కోసారి నిజమవుతుంది. ఒకరోజు ఆమె, “రాత్రంతా నువ్వు ఏం చేస్తావు?” అని అడిగింది. కుర్మయ్యను ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు, సూపర్‌వైజరు తప్ప. సూపర్‌వైజరు అడిగే తీరు వేరు. కుర్మయ్య ఆలోచించి, నల్ల కుక్క ఒకటి రెండింటికి వచ్చి గేటు కింద పడుకుంటుందనీ, దాని ఒక చెవి సగమే ఉందనీ చెప్పాడు. ఆ రోజు నుంచి పాపకు కుక్క సమాచారం కూడా చెప్పాల్సి వచ్చింది. దాంతో రాత్రి రెండింటికి అతను కుక్కను కొంచెం శ్రద్ధగా చూడడం మొదలుపెట్టాడు. పొద్దున చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

రిలీవర్ కుర్రాడికి ఇది అర్థం కాలేదు. “కాకా, డ్యూటీ అయిపోయినంక గూడ ఏంటికి నిలబడ్తవ్? పోయి పండుకోరాదూ?” అనేవాడు. కుర్మయ్య ఆటోలు ఖాళీ లేవనో, టీ తాగి పోతాననో చెప్పేవాడు. నిజం చెప్పడానికి సిగ్గుపడ్డాడు. రోజూ ముప్పావుగంట నిద్ర పోగొట్టుకుంటున్నాడు. పోగొట్టుకుంటున్నది ఎంతో అతనికి తెలుసు. ఆ సంగతి నాలుగున్నరకు రాసే అంకెల్లో కూడా తెలుస్తోంది. అయినా నిలబడ్డాడు. నాకు అర్థమైనంత వరకు, ఆ పాప పలకరింపు వెనక ఏ పనీ లేదు. గేటు తీయక్కరలేదు, మోటారు వేయక్కరలేదు. అతను అక్కడ ఉన్నాడు కాబట్టి పలకరించింది. మనిషికి అన్నం నీళ్ళలాగే అది కూడా కావాలి. ఎనిమిది నెలలు లేకుండా బతికిన మనిషికి అది దొరికినప్పుడు దాని వెల ముప్పావుగంట నిద్ర అయితే, అతను బేరం ఆడలేదు.

సెప్టెంబరులో వానలు ఒక వారం ఆగకుండా పడ్డాయి. వాన తగ్గిన తర్వాత ఒక సోమవారం పాప రాలేదు. వ్యాను వచ్చి రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఊరికి వెళ్ళి ఉంటారనుకున్నాడు. మంగళవారం కూడా రాలేదు. కానీ 302 కారు సెల్లారులోనే ఉంది, నానమ్మ చెప్పులు లిఫ్ట్ పక్కన కనిపించాయి.

గేటు దగ్గర ఇంటర్‌కామ్ ఉంది. మూడు అంకెలు నొక్కితే 302లో మోగుతుంది. కుర్మయ్య దాని ముందు నిలబడ్డాడు. ఎవరైనా వచ్చారని చెప్పడానికి రోజూ నొక్కే అంకెలే అవి. ఎవరూ రాకుండా నొక్కితే ఏమని చెప్పాలి? అవతలి నుంచి “ఏంటి?” అని అడుగుతారు. పాప ఎందుకు రాలేదని అడగడానికి నువ్వెవరు అని వాళ్ళు అనకపోవచ్చు. అనకపోయినా ఆ ప్రశ్న అక్కడ ఉంటుంది. పక్క ఫ్లాటువాళ్ళయితే తలుపు కొట్టి అడిగేవాళ్ళు. అతనికి ఆ చనువు లేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

బుధవారం పొద్దున ఆరుంబావుకు ల్యాబు కుర్రాడొకడు చేతిలో చిన్న ఐస్ పెట్టెతో వచ్చి రిజిస్టర్‌లో రాశాడు: 302, రక్త పరీక్ష. గురువారం అదే వేళకు మళ్ళీ వాడే. రోజు విడిచి రోజు కాదు, వరసగా రెండు రోజులు. కుర్మయ్య గుండె జారింది. పోయిన ఏడాది వాళ్ళ బస్తీలో ఇలాగే ఇంటింటికీ పరీక్షల కుర్రాళ్ళు తిరిగారు. “ప్లేట్‌లెట్లేనా తమ్మీ?” అని అడిగాడు. “అవును కాకా, పాపకు డెంగీ” అన్నాడు వాడు, చేతి తొడుగు తీసేసుకుంటూ. ఆ సాయంత్రం నానమ్మ కొరియర్ కుర్రాడితో బొప్పాయి ఆకులు తెప్పించుకుంది. ఆ ఆకురసం పని చేస్తుందో లేదో కానీ ఏ ఇంట్లో డెంగీ వచ్చినా ఆ ఆకుల కోసం వెతుకులాట మొదలవుతుంది.

ఆ గురువారం రాత్రి కుర్మయ్య చేసిన పని గురించి కొంచెం వివరంగా చెబుతాను.

పోయిన ఏడాది బస్తీకి వచ్చిన మున్సిపాలిటీ వాళ్ళు అతని గది ముందున్న కుండను వంచి చూపించారు. డెంగీ దోమ మురికి కాలవలో పుట్టదు, శుభ్రంగా నిలిచిన నీళ్ళలో పుడుతుంది. గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి రెక్కలొచ్చి ఎగిరేదాకా వారం పది రోజులు చాలు. ఎక్కువ దూరం కూడా ఎగరదు. కాబట్టి కుట్టిన దోమ చాలాసార్లు ఆ చుట్టుపక్కల పుట్టినదే అయి ఉంటుంది. ఇంకో మాట కూడా చెప్పారు. నీళ్ళు పారబోస్తే సరిపోదట. గుడ్లు నీళ్ళ గీతకు కొంచెం పైన పాత్ర గోడకు అతుక్కుని ఉంటాయి, నెలల తరబడి ఎండిపోయి ఉన్నా చావవు, మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. అందుకని గోడ రుద్దాలి.

పదింటికి గేటు సద్దుమణిగాక కుర్మయ్య టార్చి తీసుకుని బయల్దేరాడు. మెట్ల దగ్గర పూలకుండీల కింద పళ్ళేల్లో నీళ్ళున్నాయి, వంచాడు. సెల్లారులో ఎవరో వదిలేసిన పాత టైరులో నీళ్ళున్నాయి, వంచి గోడకు నిలబెట్టి పైన రేకు ముక్క కప్పాడు. సంపు మూత సరిగ్గా కూర్చోలేదు, రాయి పెట్టాడు. ఒంటిగంటకు మెట్లెక్కి పైకి, టెర్రస్ మీదికి వెళ్ళాడు. మోకాళ్ళకు లిఫ్టే మంచిది కానీ, దారిలో ప్రతి అంతస్తులో కుండీలు చూడాలనుకున్నాడు.

టెర్రస్ మీద ఎండాకాలంలో పెయింటింగు పని చేసినవాళ్ళు వదిలేసిన నీలం డ్రమ్ము ఒకటి ఉంది, రెండు వందల లీటర్లది. సగం దాకా వాన నీళ్ళు. టార్చి వెలుగు నీళ్ళ మీద వేశాడు. మొదట ఏమీ కనిపించలేదు. డ్రమ్మును కాలితో కొంచెం కదిపాడు. అప్పుడు కనిపించాయి. వెంట్రుక మందాన, అర అంగుళం కూడా లేని పురుగులు, తలకిందులుగా వేలాడుతున్నవి, ఒక్కసారి మెలికలు తిరుగుతూ అడుగుకు దిగాయి. పదులు కాదు, వందలు.

సగం డ్రమ్మంటే వంద కిలోల బరువు. ఒకప్పుడయితే భుజం పెట్టి దొర్లించేవాడు. ఇప్పుడు పెయింటు డబ్బా ఒకటి వెతికి, దాంతో నీళ్ళు తోడి టెర్రస్ మీద ఎండిన చోట పల్చగా పరిచాడు, పురుగులు నీళ్ళు లేక చచ్చేట్టు. తోడడానికి చాలాసేపు పట్టింది. నడుం మీద చెయ్యి వేసుకుని ఆగుతూ తోడాడు. చివరికి డ్రమ్మును పక్కకు ఒరిగించి, ఇటుక ముక్కతో లోపలి గోడ చుట్టూ, నీళ్ళ మరక ఉన్న చోట, గరగరా రుద్దాడు. తర్వాత డ్రమ్మును బోర్లించాడు.

ఆ డ్రమ్ములో పుట్టిన దోమే పాపను కుట్టిందని ఎవరూ చెప్పలేరు. ఆ దోమ పగటిపూట కుడుతుంది. పగలంతా పాప బడిలో ఉంటుంది, అక్కడే కుట్టి ఉండవచ్చు. ఆ సంగతి కుర్మయ్యకూ తెలుసు. పైకి వెళ్ళి తలుపు కొట్టి ఎలా ఉందని అడగలేని మనిషి, చేతనైన పని చేశాడు.

కిందికి దిగేసరికి రెండూ పది. రెండు గంటల ఫొటో తప్పిపోయింది. మర్నాడు సూపర్‌వైజరు ఫోన్ చేసి, “ఎక్కడ పండుకున్నవ్ పెద్దాయనా?” అన్నాడు. డ్రమ్ము సంగతి చెబితే, “అది నీ పనా? నీ పని గేటు” అన్నాడు. ఒకరోజు కూలి కోశారు.

శుక్రవారం రాత్రి పన్నెండు దాటాక 302 నుంచి పాప నాన్న కిందికి పరుగెత్తుకొచ్చాడు. వెనక అమ్మ, ఆమె భుజం మీద పాప, దుప్పటిలో. సాయంత్రమే జ్వరం దిగిందని నానమ్మ లిఫ్ట్ దగ్గర ఎవరితోనో అంటుంటే కుర్మయ్య విన్నాడు, సంతోషించాడు కూడా. డెంగీలో జ్వరం దిగిన ఆ ఒకటి రెండు రోజులే జాగ్రత్తగా ఉండాల్సిన రోజులని చాలామందికి తెలియదు. కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చేతులు కాళ్ళు చల్లబడడం, మత్తుగా పడుకుని ఉండడం, ఇవి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. ఆ తల్లిదండ్రులు ఆగలేదు. కారు తిరిగి ముందుకొచ్చేలోపు కుర్మయ్య గేటు రెండు తలుపులూ బార్లా తీసి, దారికి అడ్డంగా ఎవరో పెట్టిన స్కూటరును పక్కకు ఈడ్చి, రోడ్డు మీదికి వెళ్ళి ఇటూ అటూ చూసి చెయ్యి ఊపాడు. హారన్ కొట్టే అవసరం రాలేదు. సెల్యూట్ కొట్టడం మర్చిపోయాడు.

శనివారం ఎవరూ రాలేదు. ఏడింటికి రిలీవర్ వచ్చినా ఏడూ ఇరవై అయిదు దాకా ఉన్నాడు. ఆదివారం బడి లేదు, అయినా ఉన్నాడు. ఆదివారం రాత్రి పాప నాన్న ఒక్కడే కారులో వచ్చాడు, బట్టలు తీసుకుని అరగంటలో తిరిగి వెళుతున్నాడు. గేటు తీశాడు కుర్మయ్య. కారు కదిలి సగం బయటికి వచ్చింది. అప్పుడు అద్దం మీద వేలితో కొట్టాడు. ఇన్ని నెలల డ్యూటీలో అతను ఎవరి కారు అద్దమూ కొట్టలేదు.

అద్దం దిగింది. “ఏంటి? ఎవరైనా వచ్చారా?”

“ఎవ్వరు రాలే సార్. పాపకు ఎట్లున్నది?”

ఆయన ఒక క్షణం అర్థం కానట్టు చూశాడు. రెండు రోజులుగా నిద్ర లేని కళ్ళు. “పర్లేదు. ఇవాళ ప్లేట్‌లెట్లు పెరిగాయి. సెలైన్ తీసేశారు” అన్నాడు. తర్వాత, “పాప మీకు తెలుసా?” అన్నాడు.

“రోజు పొద్దుగాల నమస్తే పెడ్తది సార్” అన్నాడు కుర్మయ్య.

ఆయన ఇంజను ఆపాడు. బండి గేటుకు అడ్డంగా ఉంది, అయినా ఆపాడు. డాక్టరు ఏమన్నాడో, పాప ఏం తిన్నదో, ఎప్పుడు పంపిస్తామన్నారో మొత్తం చెప్పాడు. ఆ రెండు రోజుల్లో ఆయనకు కూడా అలా అడిగినవాళ్ళు లేరేమో. వెళ్ళబోతూ, “మీ పేరేంటి?” అని అడిగాడు.

పాప బడికి రావడానికి ఇంకో పది రోజులు పట్టింది. వచ్చిన రోజు సంచి నానమ్మ మోస్తోంది. పాప మెడ సన్నబడింది, యూనిఫారం వదులైంది. కుర్మయ్య మొహం కడుక్కుని సిద్ధంగా ఉన్నాడు. పాప నడక నెమ్మదిగా ఉంది కానీ గొంతు తగ్గలేదు.

“నమస్తే కుర్మయ్య తాతయ్యా. ఇదిగో, ఇక్కడ సూది పెట్టారు. మూడు రోజులు ఉంచారు” అంటూ ముంజేయి చూపించింది. మచ్చ పచ్చబడి ఉంది. “నేను ఏడవలేదు. ఒకసారే ఏడ్చాను. కుక్క ఏం చేస్తోంది?”

కుక్క పిల్లల్ని పెట్టిందని చెప్పాడు. ఎన్ని, ఏ రంగు, ఎక్కడ, కళ్ళు తెరిచాయా, ఇవన్నీ అడిగేసరికి వ్యానువాడు మూడుసార్లు హారన్ కొట్టాడు.

ఆ వారంలోనే సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. జగద్గిరిగుట్ట పక్కనే ఒక గోదాములో పగటి డ్యూటీ ఖాళీ అయింది. ఎనిమిది గంటలే, నడిచి వెళ్ళి నడిచి రావచ్చు, జీతం ఇదే. కుర్మయ్య ఇలాంటి దానికోసమే చేరిన రోజు నుంచి అడుగుతున్నాడు.

“రేపటి సంది రావాలె” అన్నాడు సూపర్‌వైజరు.

“దసరాకు బడి సెలవులు ఇచ్చినంక వస్త సార్” అన్నాడు కుర్మయ్య.

“నీకేం బడి పెద్దాయనా? అప్పటిదాంక ఆ పోస్టు నీకోసం ఆగుతదా?”

“ఆగకుంటే లేకపాయె సార్. సెలవులిచ్చేదాంక నేను ఈడనే ఉంట.”